టెస్టోస్టిరాన్ తక్కువ, ఎల్‌హెచ్ మాత్రం "నార్మల్": లోపం వృషణాలదా, పిట్యూటరీదా?

రాత్రిపాళీ (సోమవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. నా వయసు 38 ఏళ్లు. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఐదేళ్లుగా రాత్రి పాళీలో పనిచేస్తున్నాను. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. దాదాపు ఏడాదిగా ఒళ్లు భారంగా ఉండడం, దాంపత్య జీవితంలో ఆసక్తి తగ్గడం గమనించి రక్తపరీక్ష చేయించుకున్నాను. మొత్తం టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 238 నానోగ్రాములు ఉంది. ల్యాబ్ ఇచ్చిన పరిధి 264 నుంచి 916. ఎల్‌హెచ్ 3.4 (పరిధి 1.7–8.6), ఎఫ్‌ఎస్‌హెచ్ 4.1 (పరిధి 1.5–12.4). కాగితం మీద టెస్టోస్టిరాన్ పక్కన మాత్రమే చుక్క గుర్తు ఉంది.

ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే హార్మోన్లే, రెండూ నార్మల్‌గానే ఉన్నాయి కనుక పిట్యూటరీ బాగున్నట్టేననీ, అందువల్ల లోపం వృషణాలలోనే ఉండాలనీ నేను అనుకుంటున్నాను. ఈ తర్కం సరైనదేనా? సరైనదైతే టెస్టోస్టిరాన్ జెల్ మొదలుపెట్టవచ్చా?

కొబ్బరాకు (సోమవారం, రాత్రి 11:15)

మీ తర్కం పూర్తిగా తలకిందులుగా ఉందండీ. వృషణాలు పనిచేయకపోతే పిట్యూటరీ ఊరుకోదు, ఎల్‌హెచ్‌ను పెంచి వాటిని తరుముతుంది. మీకు ఎల్‌హెచ్ పెరగలేదంటే తరమవలసినవాడే నిద్రపోతున్నాడని అర్థం. ఎల్‌హెచ్ ఎక్కువైతే వృషణాల లోపం, ఎక్కువ కాకపోతే పిట్యూటరీ లోపం, ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు. మా బావమరిదికి ఇలాంటి రిపోర్టే వస్తే పిట్యూటరీలో కణితి బయటపడింది. ఆలస్యం చేయకుండా ఎంఆర్‌ఐ తీయించుకోండి.

పినాకిని (మంగళవారం, ఉదయం 6:50)

నేను ఎండోక్రైనాలజీ విభాగంలో పనిచేస్తున్న వైద్యుడిని. ఇది సలహా మాత్రమే, మిమ్మల్ని చూసే డాక్టరు మాటకు ప్రత్యామ్నాయం కాదు.

కొబ్బరాకు గారు చెప్పినదాంట్లో మొదటి సగం నిజం. ల్యాబ్ కాగితం మీద ఎల్‌హెచ్‌కు ఇచ్చే పరిధిని టెస్టోస్టిరాన్ సరిపడా ఉన్న ఆరోగ్యవంతులను చూసి నిర్ణయిస్తారు. అందువల్ల టెస్టోస్టిరాన్ నిజంగా తక్కువగా ఉన్న మనిషిలో 3.4 అనేది "నార్మల్" కాదు. ఇంటిమీది ట్యాంకు ఖాళీ అవుతుంటే మోటారు ఎక్కువసేపు నడవాలి కదా. ట్యాంకు అడుగంటినా మోటారు మామూలు రోజులాగానే నడిచి ఆగిపోయిందంటే, ఆ నడకలోనే తప్పుంది. ఆ లెక్కన రాత్రిపాళీ గారి మొదటి తర్కం నిలవదు.

అయితే దీనికి ముందు తేలవలసిన ప్రశ్న ఒకటుంది. ట్యాంకు నిజంగా ఖాళీ అయిందా, లేక మట్టం చూపే ముల్లే తప్పు చూపుతోందా? మొత్తం టెస్టోస్టిరాన్‌లో ఎక్కువ భాగం రక్తంలో ప్రోటీన్లకు అంటుకుని తిరుగుతుంది. అందులో గట్టిగా పట్టుకునేది ఎస్‌హెచ్‌బీజీ, వదులుగా పట్టుకునేది అల్బుమిన్. పిట్యూటరీకీ, దానిపైన ఉన్న హైపోథాలమస్‌కూ తెలిసేది ఏ ప్రోటీనుకూ అంటుకోని ఆ కొద్దిపాటి స్వేచ్ఛా భాగమే. స్థూలకాయులలో ఎస్‌హెచ్‌బీజీ తగ్గుతుంది, దానితోపాటే మొత్తం అంకె కూడా పడిపోతుంది. మీ బరువు చూస్తే నాకు ముందు కలిగే అనుమానం అదే.

కాబట్టి నాలుగు విషయాలు చెప్పండి. రక్తం ఏ సమయంలో ఇచ్చారు? ఎస్‌హెచ్‌బీజీ చూశారా? పిట్యూటరీ నుంచే వచ్చే మరో హార్మోను ప్రోలాక్టిన్ చూశారా? గ్యాస్ మాత్రతో సహా ఇప్పుడు మీరు వాడుతున్న మందులన్నీ ఏమిటి? ఇవి తేలేవరకు జెల్ జోలికి వెళ్లకండి. బయటినుంచి టెస్టోస్టిరాన్ పడితే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ అణగిపోయి మళ్లీ ఈ ప్రశ్నకు జవాబు దొరకదు, పైగా వీర్యకణాలు కూడా పడిపోతాయి.

తుంగభద్ర (మంగళవారం, ఉదయం 9:05)

వృషణాల లోపం కాగితం మీద ఎలా కనిపిస్తుందో నా రిపోర్టుతో చెబుతాను. పెళ్లైన మూడేళ్లకు పిల్లలు కలగక పరీక్షలకు వెళ్లినప్పుడు నా టెస్టోస్టిరాన్ 190, ఎల్‌హెచ్ 21, ఎఫ్‌ఎస్‌హెచ్ 34. అప్పటికి నాకు 31 ఏళ్లు. అంతవరకు ఎందరో డాక్టర్లు బీపీ చూశారు, కళ్లు చూశారు గానీ ఎవరూ లుంగీ సడలించమని అడగలేదు. ఆ రోజు డాక్టరు గారు దారానికి గుచ్చిన గుడ్డు ఆకారపు పూసల దండ ఒకటి తీశారు. ఒక్కొక్క పూస మీద మిల్లీలీటర్ల అంకె ఉంది. ఒక చేత్తో నన్ను పరీక్షిస్తూ, రెండో చేత్తో పూసలను తడుముతూ మూడు అనే పూస దగ్గర ఆగారు. పెద్ద మగవాళ్లకు పదిహేను దాటి ఉండాలట. తరువాత క్రోమోజోముల పరీక్షలో 47,XXY అని వచ్చింది. దాన్ని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అన్నారు.

నా కాగితంలో టెస్టోస్టిరాన్ కింద ఉంది, మిగిలిన రెండూ పైన ఉన్నాయి. అక్కడ అనుమానానికి తావు లేదు. రాత్రిపాళీ గారి కాగితం ఆ కోవకు చెందదని మాత్రం నేను చెప్పగలను.

నల్లరేగడి (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

నాకు టెస్టోస్టిరాన్ 480, ఎల్‌హెచ్ 5, ఎఫ్‌ఎస్‌హెచ్ 18 వచ్చాయి. వీర్యకణాల సంఖ్య బాగా తక్కువ. ఎఫ్‌ఎస్‌హెచ్ పిట్యూటరీదే కదా, అది ఎక్కువగా ఉందంటే నాకు పిట్యూటరీలో జబ్బు ఉన్నట్టా? ఈ చర్చలో చెబుతున్నది నాకూ వర్తిస్తుందా?

సూక్ష్మదర్శిని (మంగళవారం, మధ్యాహ్నం 3:10)

నేను బయోకెమిస్ట్రీ ల్యాబులో పనిచేస్తాను. నల్లరేగడి గారి ప్రశ్న వేరే విషయం గనుక డాక్టరు గారికే వదిలేస్తున్నాను. ల్యాబు వైపునుంచి మూడు మాటలు చెబుతాను.

ఎల్‌హెచ్ రక్తంలోకి కుదురుగా ధారలా రాదు, గంటన్నర రెండు గంటలకొకసారి విడతగా వస్తుంది. అందువల్ల ఒకే మనిషిలో ఒకే ఉదయం 3.4 వచ్చి, కాసేపటికి 5 వచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు. 3.4కూ 4.4కూ మధ్య తేడాను పట్టుకుని వాదించుకోవడం వృథా. ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంతగా ఊగదు.

రెండవది, టెస్టోస్టిరాన్ భోజనం తరువాత తగ్గుతుంది. అందుకే పరగడుపున, ఉదయం పది లోపల ఇమ్మంటాము. అయితే ఆ నియమం రాత్రి నిద్రపోయేవారి కోసం రాసినది. ఈ హార్మోను నిద్రను అనుసరించి పెరుగుతుంది కనుక రాత్రి పాళీ వారికి గడియారం కంటే నిద్ర లేచిన సమయమే ముఖ్యం. పాళీ ముగించుకుని నేరుగా ల్యాబుకు వచ్చి రక్తం ఇచ్చి, ఇంటికి వెళ్లి పడుకునేవారిని రోజూ చూస్తున్నాను. వారి "ఉదయం శాంపిలు" నిజానికి సాయంత్రం శాంపిలే.

మూడవది, జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడేవారు పరీక్షకు కొన్ని రోజుల ముందే ఆపి, ఆ సంగతి ల్యాబుకు చెప్పాలి. కొన్ని యంత్రాలలో బయోటిన్ వల్ల టెస్టోస్టిరాన్ ఉన్నదానికంటే ఎక్కువగానూ, ఎల్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగానూ కనిపిస్తాయి. అంటే వృషణాల లోపాన్ని పూర్తిగా కప్పిపుచ్చగలదు.

రాత్రిపాళీ (బుధవారం, రాత్రి 9:20)

సూక్ష్మదర్శిని గారు నన్ను చూసి రాసినట్టే ఉంది. పాళీ ముగిశాక క్యాంటీనులో రెండు ఇడ్లీలు, ఒక వడ తిని, పదకొండున్నరకు రక్తం ఇచ్చాను. బయోటిన్ వాడడం లేదు.

నిన్న ల్యాబువారితో మాట్లాడితే మిగిలి ఉన్న అదే సీరంలో మరో రెండు పరీక్షలు చేసి ఇచ్చారు. ఎస్‌హెచ్‌బీజీ లీటరుకు 14 నానోమోల్స్ వచ్చింది, వారి పరిధి 18 నుంచి 54. ప్రోలాక్టిన్ 64 వచ్చింది, వారి పరిధి 4 నుంచి 15. ఇది చూసి గుండె జారిపోయింది. మందుల సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. కడుపు ఉబ్బరానికి ఎనిమిది నెలలుగా ఉదయం పరగడుపున ఒక క్యాప్సూల్ వేసుకుంటున్నాను. అట్ట వెనక చూస్తే రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ అని ఉంది. ఒకసారి డాక్టరు రాసిచ్చిన తరువాత మందుల షాపులో అడిగి తెచ్చుకుంటూనే ఉన్నాను.

కొబ్బరాకు (బుధవారం, రాత్రి 9:45)

నేను మొదటే చెప్పాను. ప్రోలాక్టిన్ నాలుగు రెట్లు ఉంది, ఎల్‌హెచ్ లేవడం లేదు. ఇంకా దేనికోసం ఎదురుచూడాలి? రేపే ఎంఆర్‌ఐ తీయించుకోండి. ఎస్‌హెచ్‌బీజీ లెక్కలు అవసరం లేదు, "ఫ్రీ టెస్టోస్టిరాన్" అని ల్యాబులో నేరుగా పరీక్షే ఉంది, అది చేయించుకుంటే సరిపోతుంది.

పినాకిని (గురువారం, ఉదయం 6:30)

ముందుగా నల్లరేగడి గారికి ఒక మాట. మీది ఈ చర్చలోని ప్రశ్న కాదు. వీర్యకణాలను పోషించే కణాలు దెబ్బతిన్నప్పుడు ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అదుపులో ఉంచే ఇన్‌హిబిన్ తగ్గి, ఎఫ్‌ఎస్‌హెచ్ ఒక్కటే పెరుగుతుంది. టెస్టోస్టిరాన్ తయారుచేసే కణాలు వేరు, అవి మీలో బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తోంది. పిట్యూటరీ తన పని తాను చేస్తోంది. మీరు ఆండ్రాలజిస్టును కలవండి.

ఇక రాత్రిపాళీ గారి కాగితం. కొబ్బరాకు గారు చెప్పిన నేరు పరీక్షను చాలా ల్యాబులు చౌక పద్ధతిలో చేస్తాయి, దాని అంకెను నేను నమ్మను. నమ్మదగిన పద్ధతి డయాలిసిస్‌తో చేసేది, అది అన్నిచోట్లా దొరకదు. అందువల్ల వెర్ములెన్, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన సూత్రంతో లెక్కవేస్తాము. అల్బుమిన్ మామూలుగా డెసిలీటరుకు 4.3 గ్రాములు ఉందనుకుంటే అది ఇంత చిన్నదవుతుంది:

```
T = 23.4 × F + (SHBG × F) / (1 + F)
```

ఇందులో T మొత్తం టెస్టోస్టిరాన్, F స్వేచ్ఛా భాగం. అన్నీ లీటరుకు నానోమోల్స్‌లోనే ఉండాలి. మీ 238ని 28.84తో భాగిస్తే 8.25 అవుతుంది. F స్థానంలో 0.238 వేసి చూడండి. మొదటి భాగం 5.57, రెండవ భాగం 2.69, రెండూ కలిపితే 8.26. అంటే మీ స్వేచ్ఛా టెస్టోస్టిరాన్ దాదాపు 0.238 నానోమోల్స్, డెసిలీటరుకు 6.9 నానోగ్రాములు. యూరోపియన్ మేల్ ఏజింగ్ స్టడీ వారు లక్షణాలతో ముడిపెట్టి గీసిన గీత 0.220 దగ్గర ఉంది. మీరు ఆ గీతకు కాస్త పైనే ఉన్నారు, అదీ తిండి తిని, నిద్రకు ముందు ఇచ్చిన శాంపిలులో.

ఇక్కడ ఎల్‌హెచ్ అర్థమే మారిపోతుంది. మొత్తం అంకె 238ని పక్కన పెట్టుకుని చదివితే 3.4 పిట్యూటరీ సోమరితనంలా కనిపిస్తుంది. స్వేచ్ఛా భాగం దాదాపు సరిపడా ఉన్నప్పుడు పిట్యూటరీ గొంతు పెంచవలసిన కారణమే లేదు, అప్పుడు 3.4 అనేది సరైన జవాబే కావచ్చు. అంటే మొదట్లో ఇద్దరూ అడిగిన "వృషణాలా, పిట్యూటరీనా" అన్న ప్రశ్నే కొంతవరకు తొందరపాటు.

కొంతవరకు అని ఎందుకన్నానంటే ప్రోలాక్టిన్ 64 ఉంది కాబట్టి. లెవోసల్పిరైడ్ డోపమిన్‌ను అడ్డుకుంటుంది. ప్రోలాక్టిన్‌ను అణచి ఉంచేది డోపమినే. ఆ అదుపు తప్పి ప్రోలాక్టిన్ పెరిగితే, అది హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి వెళ్లే సంకేతాన్ని నెమ్మదింపజేసి ఎల్‌హెచ్‌ను కిందికి లాగుతుంది. మన దగ్గర గ్యాస్ మందుగా ఇది ఎంత విచ్చలవిడిగా అమ్ముడవుతోందో చెప్పుకుంటే నాకు కోపం వస్తుంది, అది వేరే సంగతి. మందు రాసిన డాక్టరుకు చెప్పి దాన్ని ఆపించండి. కొన్ని వారాలయ్యాక, బాగా నిద్రపోయి లేచిన రెండు మూడు గంటలలోపు, పరగడుపున అన్ని పరీక్షలూ మళ్లీ చేయించండి.

ఎంఆర్‌ఐ వద్దని నేను అనడం లేదు. తలనొప్పి గానీ, పక్కలనుంచి వచ్చే వాహనాలు కనబడకపోవడం గానీ ఉంటే రేపే వెళ్లండి. టెస్టోస్టిరాన్ 150 కంటే తక్కువై ఎల్‌హెచ్ లేవకపోయినా తీయవలసిందే. మందు ఆపిన తరువాత కూడా ప్రోలాక్టిన్ దిగకపోతే అప్పుడూ తీయాలి, ఎందుకంటే ప్రోలాక్టిన్ తయారుచేయని పెద్ద కణితి పిట్యూటరీ కాడను నొక్కినా అంకె ఇలాగే ఒక మోస్తరుగా పెరుగుతుంది. కొబ్బరాకు గారి బావమరిదికి జరిగింది అలాంటిదే అయి ఉండవచ్చు.

గట్టుమీది చెట్టు (గురువారం, రాత్రి 8:00)

ఈ లెక్క చూశాక మా నాన్నగారి పాత రిపోర్టు తీసి చూశాను. ఆయనకు 66 ఏళ్లు. మూర్ఛలకు ఇరవై ఏళ్లకు పైగా ఫెనిటోయిన్ వాడుతున్నారు. పోయిన ఏడాది తుంటి ఎముక విరిగితే ఈ పరీక్షలన్నీ చేశారు. టెస్టోస్టిరాన్ 410 వచ్చింది కనుక హార్మోన్లు బాగున్నాయని చెప్పి పంపించారు. కానీ కాగితంలో ఎల్‌హెచ్ 14.2, ఎఫ్‌ఎస్‌హెచ్ 19, ఎస్‌హెచ్‌బీజీ 88 అని ఉన్నాయి. నా లెక్కలో స్వేచ్ఛా భాగం 0.141 వస్తోంది. ఎక్కడైనా తప్పు చేశానా? రాత్రిపాళీ గారికంటే మొత్తం చాలా ఎక్కువ ఉండి, స్వేచ్ఛా భాగం ఇంత తక్కువ ఎలా అవుతుంది?

పినాకిని (శుక్రవారం, ఉదయం 6:40)

మీ లెక్క సరిగ్గా ఉందమ్మా, తప్పేమీ లేదు. ఫెనిటోయిన్ కాలేయం చేత ఎస్‌హెచ్‌బీజీని ఎక్కువగా తయారు చేయిస్తుంది, వయసు కూడా దానికి తోడవుతుంది. రాత్రిపాళీ గారిలో మొత్తంలో దాదాపు మూడు శాతం స్వేచ్ఛగా ఉంటే, మీ నాన్నగారిలో ఒక్క శాతమే ఉంది. మిగిలినదంతా ప్రోటీను గుప్పిట్లో ఉంది.

మీరు గమనించవలసినది ఇంకొకటి ఉంది. ఎస్‌హెచ్‌బీజీ పెరిగినంత మాత్రాన స్వేచ్ఛా భాగం తగ్గిపోదు. ఆరోగ్యంగా ఉన్న వృషణాలైతే పిట్యూటరీ కొద్దిగా అదిలించగానే ఉత్పత్తి పెంచి లోటు పూడుస్తాయి, ఎల్‌హెచ్ కూడా మళ్లీ సర్దుకుంటుంది. మీ నాన్నగారిలో ఎల్‌హెచ్ 14 దాకా ఎక్కినా స్వేచ్ఛా భాగం గీతకు కిందే ఉండిపోయింది. అంటే పిట్యూటరీ పిలుస్తూనే ఉంది, వృషణాలే అందుకోలేకపోతున్నాయి. మొత్తం అంకె నార్మల్ అని చూసి ఎల్‌హెచ్ గడిలోకి చూపు దించకపోవడం వల్లే ఇది జారిపోయింది. ఫెనిటోయిన్ సొంతంగా ఆపకండి. ఈ కాగితాన్ని, ఎముకల సాంద్రత పరీక్షను పట్టుకుని ఎండోక్రైనాలజిస్టును కలవండి. ఆ ఎముక విరగడానికి ఇది ఎంతవరకు కారణమో ఇక్కడినుంచి నేను చెప్పలేను, ఎందుకంటే ఫెనిటోయిన్ విటమిన్ డి మీద కూడా దెబ్బకొడుతుంది.

రాత్రిపాళీ (ఆరు వారాల తరువాత, ఆదివారం, సాయంత్రం 5:15)

క్యాప్సూల్ ఆపి ఐదు వారాలయింది. మూడు రోజులు సెలవు పెట్టి, రాత్రుళ్లు నిద్రపోయి, నాలుగవ ఉదయం ఎనిమిది గంటలకు పరగడుపున రక్తం ఇచ్చాను. ప్రోలాక్టిన్ 11, టెస్టోస్టిరాన్ 286, ఎల్‌హెచ్ 4.1, ఎస్‌హెచ్‌బీజీ 15. నేనే లెక్క వేసుకుంటే స్వేచ్ఛా భాగం 0.283 వచ్చింది, అంటే 8.2 నానోగ్రాములు. బరువులో రెండు కిలోలు తగ్గాను. ఆసక్తి కొంత తిరిగి వచ్చిందనిపిస్తోంది గానీ అలసట మాత్రం అలాగే ఉంది. మా ఆవిడ నేను నిద్రలో గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆపేస్తున్నానని అంటోంది.

కొబ్బరాకు (ఆదివారం, సాయంత్రం 6:00)

ప్రోలాక్టిన్ విషయంలో నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. అయినా 286 అనేది కింది గీత పక్కనే ఉంది కదా, 38 ఏళ్లకు అది సరిపోతుందని నేను మాత్రం అనుకోను.

సూక్ష్మదర్శిని (ఆదివారం, రాత్రి 7:30)

238 నుంచి 286కు రావడం మందు ఆపినందుకా, సరైన వేళకు శాంపిలు ఇచ్చినందుకా అన్నది ఈ రెండు కాగితాలతో తేలదు. రెండూ ఒకేసారి మారాయి.

పినాకిని (సోమవారం, ఉదయం 6:45)

సూక్ష్మదర్శిని గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ప్రోలాక్టిన్ దిగింది కనుక దాని కోసం ఎంఆర్‌ఐ అవసరం లేదు. స్వేచ్ఛా భాగం గీతకు బాగానే పైకి వచ్చింది, ఆ పక్కన 4.1 ఎల్‌హెచ్ నన్ను కలవరపెట్టడం లేదు. ఈ కాగితంలో వృషణాల లోపం గానీ, పిట్యూటరీ లోపం గానీ నాకు కనబడడం లేదు. ఎస్‌హెచ్‌బీజీ ఇంకా తక్కువగానే ఉంది, అది ఇన్సులిన్ సంగతి, నడుము చుట్టుకొలత సంగతి. పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ చూపించుకోండి. మీ ఆవిడ చెప్పిన మాటను తేలికగా తీసుకోకుండా నిద్ర పరీక్ష చేయించుకోండి. ఆ అలసట అక్కడినుంచి వస్తూ ఉండవచ్చు. రాత్రి పాళీకి తిరిగి వెళ్లిన తరువాత, పగటి నిద్ర లేచాక ఇదే పరీక్షను ఇంకొకసారి చేయిస్తే ఆ అంకె ఎక్కడ నిలుస్తుందో చూడాలని నాకూ ఉంది.

రాత్రిపాళీ (సోమవారం, రాత్రి 11:10)

తప్పకుండా చేయిస్తానండీ. పాళీ ఈ రాత్రినుంచే మళ్లీ మొదలైంది. నిద్ర పరీక్షకు వచ్చే గురువారం పేరు రాయించుకున్నాను, అయితే వారు రాత్రి పది గంటలకు వచ్చి పడుకోమంటున్నారు. నేను పడుకునేది పగలు కదా అంటే, అవతలివారు కాసేపు ఆలోచించి, టెక్నీషియన్‌ను అడిగి చెబుతామన్నారు.